152 దగ్గర నిలబడ్డ గీత

నడుం పట్టేసినప్పుడు రాసుకునే బామ్ డబ్బా మూత తీయగానే గదంతా ఒక ఘాటు వాసన కమ్ముకుంటుంది. డబ్బా వెనక సన్నటి అక్షరాలు చదివితే చాలాసార్లు అందులో గంధపూర తైలం అన్న మాట కనిపిస్తుంది. నీలగిరుల్లోనూ ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనూ పెరిగే ఒక పొద ఆకుల నుంచి తీసే నూనె అది. ఆ నూనెలో దాదాపు అంతా ఒకటే పదార్థం, పేరు మిథైల్ శాలిసిలేట్. ఆ వాసనలో చిటికెడంత పట్టి మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలోకి పంపితే, తెర మీద ఒక బొమ్మ వస్తుంది. అడుగున వరుసగా అంకెలు, వాటి మీద నిలువు గీతలు. 120 దగ్గర ఉన్న గీత అన్నిటికంటే పొడుగు. 92 దగ్గర ఇంకొకటి, దానికంటే పొట్టి. 152 దగ్గర ఒకటి, పొడుగు గీతలో సుమారు సగం ఎత్తు. 121, 93, 65, 39 దగ్గర చిన్న చిన్నవి. మిగతావి నేలను అంటిపెట్టుకున్న గడ్డి పరకల్లా ఉంటాయి.

మొదటిసారి ఈ బొమ్మ చూసేవారి కన్ను 120 మీదికే పోతుంది. అంత ఎత్తున ఉందంటే అదే అసలు పదార్థం అయివుంటుందనిపిస్తుంది. కానీ మిథైల్ శాలిసిలేట్ అణువు బరువు 152. అందులో 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు ఉన్నాయి, అంటే C8H8O3. కార్బన్‌కు 12, హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 16 చొప్పున కూడితే 96, 8, 48 కలిసి 152 అవుతుంది. 120 ఆ అణువు నుంచి విరిగిన ముక్క మాత్రమే. డబ్బాలో ఏముందో ముందే తెలిసినవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఏమీ తెలియకుండా, ఈ గీతలు మాత్రమే చూసి ఆ మాట చెప్పగలగడమే అసలు విద్య.

దానికి ముందు గీతలు ఎక్కడినుంచి వస్తాయో తెలియాలి. యంత్రం లోపల గాలి దాదాపు లేకుండా తోడేసిన ఒక చిన్న గది ఉంటుంది. ఆవిరిగా మారిన పదార్థం అందులోకి రాగానే, వేడి తీగ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు దాన్ని ఢీకొంటాయి. వాటి శక్తిని ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ మామూలుగా 70 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంచుతాయి. ఒక చోట తీసిన బొమ్మను ఇంకో చోట తీసినదానితో పోల్చగలగడం అందువల్లే. ఆ తాకిడికి అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఎలక్ట్రాన్ బరువు లెక్కలోకి రానంత తక్కువ కనుక అణువు బరువు మారదు, కానీ దానికి ధనావేశం వస్తుంది. ఇలా చెక్కుచెదరకుండా, ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే పోగొట్టుకున్న అణువునే మాలిక్యులర్ అయాన్ అంటారు, గుర్తుగా M అని రాస్తారు.

దెబ్బ మాత్రం చిన్నది కాదు. అణువులో బంధాలను తెంచడానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఆ ఎలక్ట్రాన్‌లో ఉంటుంది. అందుకే ఎలక్ట్రాన్ పోయిన అణువుల్లో చాలా భాగం సెకనులో లక్షో వంతు గడవకముందే ముక్కలవుతాయి. ఒక్కో అణువు ఒక్కో చోట విరుగుతుంది. విరిగినప్పుడు రెండు ముక్కల్లో ఒకదానికే ఆవేశం దక్కుతుంది. యంత్రం ఆవేశం ఉన్నదాన్నే పట్టుకుని, బరువును బట్టి వేరుచేసి, లెక్కపెడుతుంది. రెండో ముక్క గాలి తోడే పంపులోకి వెళ్లిపోతుంది, దానికి గీత ఉండదు.

అడుగున అక్షం మీద m/z అని రాసి ఉంటుంది. బరువును ఆవేశంతో భాగించిన విలువ అది. ఇక్కడ ఆవేశం దాదాపు ఎప్పుడూ ఒకటే కనుక ఆ అంకెను బరువుగానే చదువుకోవచ్చు. ఎత్తు మాత్రం ఆ బరువున్న అయాన్లు ఎన్ని వచ్చాయో చెబుతుంది. అన్నిటికంటే పొడుగు గీతను 100గా పెట్టి, మిగతావాటిని దానితో పోల్చి గీస్తారు. ఆ పొడుగు గీతను బేస్ పీక్ అంటారు. అది పదార్థంలో ఏది ఎక్కువ ఉందో చెప్పదు, విరిగాక ఏ ముక్క ఎక్కువ కాలం నిలబడిందో చెబుతుంది. 120 పొడుగ్గా ఉండటానికి కారణం అంతే.

మరి M ఎక్కడుంది? వెతుకులాట కుడి చివర మొదలవుతుంది. ముక్క ఎప్పుడూ మొత్తం కంటే తేలిక కాబట్టి M తనలోంచి వచ్చిన ముక్కలన్నిటికీ కుడివైపునే ఉండాలి. బామ్ బొమ్మలో కుడి చివర 152 ఉంది. కానీ కళ్లు చికిలించి చూస్తే 153 దగ్గర కూడా బుల్లి గీత ఒకటి కనిపిస్తుంది. చిట్టచివరిది అదే కదా, M అదే ఎందుకు కాకూడదు?

కార్బన్ అంతా 12 బరువుతో ఉండదు. ప్రకృతిలో వంద కార్బన్లకు సుమారు ఒకటి 13 బరువుది. మిథైల్ శాలిసిలేట్‌లో కార్బన్లు ఎనిమిది. ఒక్కోదానికి 1.1 శాతం చొప్పున వేసుకుంటే, వంద అణువుల్లో దాదాపు తొమ్మిదింటిలో ఒక బరువైన కార్బన్ దొరుకుతుంది, ఆ అణువుల బరువు 153. అంటే 152 గీత ఎత్తు 50 ఉంటే 153 గీత నాలుగున్నర దాకా ఉండాలి. బొమ్మలో ఉన్నదీ అంతే. కాబట్టి 153 వేరే పదార్థం కాదు, 152కు నీడ. ఈ లెక్కను వెనక్కి తిప్పి కూడా వాడతారు. నీడ ఎత్తు అసలు గీతలో 9 శాతం ఉంటే, 1.1తో భాగించి, అణువులో కార్బన్లు ఎనిమిది దగ్గర్లో ఉన్నాయని చెప్పవచ్చు. గీత మరీ పొట్టిదైతే ఈ లెక్క నమ్మదగింది కాదు. ఒక కార్బన్ అటూ ఇటూ కావడం మామూలే.

152ను M అనుకున్నాక రెండు పరీక్షలు పెడతారు. మొదటిది దాని నుంచి కిందికి ఉన్న దూరాలను చూడటం. కనిపించకుండా పోయిన ముక్కను పట్టుకునే దారి ఇదొక్కటే. 152 నుంచి 121కి దూరం 31, 120కి దూరం 32. మిథాక్సీ అనే గుంపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్) బరువు 31, మిథనాల్ అణువు బరువు 32. రెండూ రసాయనశాస్త్రంలో నిత్యం కనిపించేవే కనుక ఈ దూరాలు ఒప్పుకోదగ్గవి. అదే దూరం 5 గానీ 10 గానీ వచ్చి ఉంటే అనుమానపడాలి. అణువు ఒక హైడ్రోజన్‌ను వదులుకుంటుంది, కొన్నిసార్లు రెండింటిని వదులుకుంటుంది. ఆ తర్వాత తేలిగ్గా ఊడేది మిథైల్, దాని బరువు 15. మధ్యలో 4 నుంచి 14 దాకా బరువున్న ముక్క ఊడటం దాదాపు జరగదు. అలాంటి ఎడం కనిపిస్తే, ఎంచుకున్న గీత M కాకపోయినా అయివుండాలి, లేదా ఆ రెండు గీతలూ వేరువేరు పదార్థాలవైనా అయివుండాలి.

రెండో పరీక్ష సరి, బేసి. కార్బన్ బరువు 12, దానికి చేతులు నాలుగు, రెండూ సరి. ఆక్సిజన్ బరువు 16, చేతులు రెండు. హైడ్రోజన్ బరువు ఒకటి, చెయ్యి ఒకటి, రెండూ బేసి. వీటితో ఎలాంటి అణువు కట్టినా, చేతులన్నీ జతపడాలి కాబట్టి, మొత్తం బరువు సరిసంఖ్యే వస్తుంది. నైట్రోజన్ ఒక్కదానికే పొత్తు కుదరదు. బరువు 14 సరి, చేతులు మూడు బేసి. అందుకే ఒక నైట్రోజన్ చేరగానే అణువు బరువు బేసి అవుతుంది, రెండు చేరితే మళ్లీ సరి. దీన్నే నైట్రోజన్ నియమం అంటారు. 152 సరిసంఖ్య. అంటే ఇందులో నైట్రోజన్ లేదు, ఉంటే జంటగా ఉంది.

ఇదే సరి-బేసి లెక్క ముక్కల మీద కూడా పనిచేస్తుంది, నిజానికి దాని అసలు రుచి అక్కడే ఉంది. నైట్రోజన్ లేని అణువులో ఒకే బంధం తెగి ముక్క వస్తే దాని బరువు బేసి అవుతుంది. 121, 93, 65, 39, 77, 43 అన్నీ బేసే. సరిసంఖ్య దగ్గర పొడుగు గీత కనిపించిందంటే అక్కడ జరిగింది ఉత్త తెంపు కాదు. అణువు లోపల అటుదిటు సర్దుబాటు జరిగి, ఒక పూర్తి చిన్న అణువు బయటికి వెళ్లిందన్నమాట. బామ్ బొమ్మలో బేస్ పీక్ 120, సరి. దాని పక్కన 92, అదీ సరి. 120 నుంచి 92కు దూరం 28. కార్బన్ మోనాక్సైడ్ బరువు 28. ముందు మిథనాల్ పోయింది, తర్వాత కార్బన్ మోనాక్సైడ్ పోయింది.

మిథనాల్ పోవాలంటే మిథాక్సీ గుంపుకు ఒక హైడ్రోజన్ అదనంగా దొరకాలి. ఎవరు ఇస్తారు? మిథైల్ శాలిసిలేట్‌లో ఆరు కార్బన్ల ఉంగరం ఉంది. దాని మీద ఒక మూల ఎస్టర్ గుంపు, సరిగ్గా పక్క మూలలో ఒక హైడ్రాక్సిల్ గుంపు. పక్కనే ఉంది కనుక హైడ్రాక్సిల్ చెయ్యి చాచి తన హైడ్రోజన్‌ను అందిస్తుంది, మిథాక్సీ దాన్ని పుచ్చుకుని మిథనాల్‌గా వెళ్లిపోతుంది. ఆ రెండు గుంపులూ పక్కపక్కన లేకపోతే ఇది జరగదు.

నిజంగా జరగదా అన్నది ఊహకు వదిలేయాల్సిన పని లేదు. అవే 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లతో, అదే 152 బరువుతో, అవే రెండు గుంపులతో మరో పదార్థం ఉంది. మందుల సిరప్పుల్లోనూ ముఖానికి రాసుకునే క్రీముల్లోనూ పాడవకుండా కలిపే మిథైల్ పారబెన్ అది. తేడా ఒక్కటే. అందులో హైడ్రాక్సిల్ ఉంగరానికి అవతలి కొసలో, ఎస్టర్‌కు ఎదురుగా ఉంటుంది. దాని బొమ్మలో 152 అలాగే ఉంటుంది, కానీ బేస్ పీక్ 120 కాదు, 121. మిథాక్సీ గుంపు ఉన్నదున్నట్టు తెగిపడింది, 31 పోయింది. అక్కడి నుంచి 28 తగ్గితే 93, మళ్లీ 28 తగ్గితే 65, రెండూ బొమ్మలో ఉన్నాయి. బామ్ బొమ్మలో పొడుగ్గా నిలబడ్డ 120, 92 ఇక్కడ ఊసులోకి కూడా రావు. ఒక హైడ్రాక్సిల్ ఉంగరం మీద ఏ మూల కూర్చుందో ఒక అంకె తేడా చెప్పేసింది.

152 బరువున్న మూడో పదార్థం వంటింట్లోనే ఉంది. ఐస్‌క్రీముకూ కేకుకూ వాసననిచ్చే వెనిలిన్ కూడా C8H8O3. దాని బొమ్మ కొత్తవాళ్లను తికమక పెడుతుంది. అక్కడ 151, 152 రెండూ దాదాపు సమానంగా, తాటిచెట్లలా పక్కపక్కన నిలబడతాయి, చాలా బొమ్మల్లో 151 కాస్త పొడుగు కూడా. 151 అసలు, 152 దాని కార్బన్ నీడ అని తేల్చేయాలనిపిస్తుంది. ఇందాకటి లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. ఎనిమిది కార్బన్ల నీడ వందకు తొమ్మిదికి మించదు, ఇక్కడ 152 ఎత్తు వందకు దగ్గర్లో ఉంది. నీడ అసలంత పొడుగు ఉండాలంటే అణువులో 90 కార్బన్లు కావాలి, 151 బరువులో అన్ని ఎక్కడ పడతాయి? కాబట్టి 152 నీడ కాదు, అదే M. 151 అందులోంచి ఒక హైడ్రోజన్ పోయిన ముక్క. ఆల్డిహైడ్ గుంపు ఉన్న సుగంధ పదార్థాల్లో కొస హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది. 151 నుంచి 28 పోతే 123. 152 నుంచి మిథైల్ 15, కార్బన్ మోనాక్సైడ్ 28 పోతే 109, ఇంకో 28 పోతే 81. ఈ మూడు గీతలూ వెనిలిన్ బొమ్మలో కనిపిస్తాయి.

ఇలాంటి బొమ్మలు రోజూ చూసేవారికి కొన్ని అంకెలు ఇంటి నంబర్లలా గుర్తుండిపోతాయి. 77, దాని వెంటే 51 కనిపిస్తే బెంజీన్ ఉంగరం ఉందనుకుంటారు. 91 పొడుగ్గా ఉంటే ఆ ఉంగరానికి ఒక కార్బన్ అతుక్కుని ఉందని అర్థం. 43, 57, 71, 85 అని పద్నాలుగేసి ఎడంతో మెట్లు దిగుతుంటే పొడవాటి కార్బన్ గొలుసు, మైనంలోనూ కిరోసిన్‌లోనూ ఉండేలాంటిది. కానీ ఒక్క అంకెను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. 43 బరువు మూడు కార్బన్ల గొలుసు ముక్కకూ ఉంది, రెండు కార్బన్లు ఒక ఆక్సిజన్ ఉన్న ఎసిటైల్ ముక్కకూ ఉంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవాల్లో వాడే ఎసిటోన్‌లో, ఇథైల్ ఎసిటేట్‌లో బేస్ పీక్ 43 ఎసిటైల్‌దే. ఏ 43 ఎవరిదో చెప్పేది చుట్టూ ఉన్న మిగతా గీతలే.

నైట్రోజన్ ఉన్న అణువు ఎలా కనిపిస్తుందో తెలియాలంటే గుంటూరు మిరపకాయ ఉండనే ఉంది. దాని మంటకు ముఖ్య కారణం కాప్సైసిన్, C18H27NO3. బొమ్మలో M 305 దగ్గర ఉంటుంది, బేసి. ఒక నైట్రోజన్ ఉందని ఆ ఒక్క అంకె చెబుతుంది. బేస్ పీక్ 137. మిథాక్సీ, హైడ్రాక్సిల్ ఉన్న ఉంగరం ఒక కార్బన్‌తో కలిసి విడిపోయిన ముక్క అది, నైట్రోజన్ అందులో లేదు. మిరపకాయలో కాప్సైసిన్‌తో పాటు డైహైడ్రోకాప్సైసిన్ కూడా ఎప్పుడూ ఉంటుంది. దాని బరువు 307, బేస్ పీక్ అదే 137. యంత్రంలోకి పంపే ముందు ఆ రెండింటినీ విడదీయడం సరిగ్గా కుదరకపోతే 305, 307 రెండూ ఒకే బొమ్మలో పడతాయి. అప్పుడు అది అచ్చం క్లోరిన్ ఉన్న అణువులా కనిపించి మోసం చేయగలదు.

క్లోరిన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. పట్టికలో దాని బరువు 35.5 అని ఉంటుంది. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు మాత్రం ఒక్కటీ లేదు. 1913లో జె.జె. థామ్సన్ కేంబ్రిడ్జ్‌లో నియాన్ వాయువును ఇలాగే విడదీసి, అందులో 20, 22 అని రెండు బరువులున్నాయని చూపాడు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఇంకా మెరుగైన యంత్రం కట్టి, క్లోరిన్‌లో 35, 37 బరువులవి కలిసి ఉన్నాయని తేల్చాడు. ఆ పరిశోధనలకు 1922లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ప్రతి నాలుగు క్లోరిన్లలో సుమారు మూడు 35వి, ఒకటి 37ది. యంత్రం ఒక్కో అయాన్‌ను విడివిడిగా తూస్తుంది కనుక సగటు దానికి తెలియదు. అణువులో ఒక క్లోరిన్ ఉంటే రెండు అంకెల ఎడంతో రెండు గీతలు, ఎత్తులు మూడుకు ఒకటి. రెండు క్లోరిన్లు ఉంటే మూడు గీతలు, 9, 6, 1 చొప్పున. మూడుంటే నాలుగు గీతలు, 27, 27, 9, 1 చొప్పున, అంటే మొదటి రెండూ సమానంగా. బ్రోమిన్‌లో 79, 81 చెరిసగం ఉంటాయి కాబట్టి ఒక బ్రోమిన్ ఉన్న అణువు కవలల్లా నిలబడుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే చిక్కుముడి లాంటి బొమ్మను కూడా విప్పవచ్చు. పత్తికీ వరికీ కొట్టే, ఇళ్లలో చెదలకు పోసే పురుగుమందుల్లో క్లోరోపైరిఫాస్ ఒకటి. కూరగాయల్లో దాని అవశేషం కోసం వెతికే పరీక్షలో దొరికిన బొమ్మ ఎదురుగా ఉందనుకుందాం. ఏ మందో పేరు ఇంకా తెలియదు. 97 దగ్గర పొడుగు గీత. 197, 199 దగ్గర దాదాపు సమానంగా రెండు, పక్కన 201 దగ్గర వాటిలో మూడో వంతు. ఇంకా కుడికి 258, 286 దగ్గర గుంపులు. చివరగా 314, 316, 318. ఆ తర్వాత ఖాళీ.

చివరి గుంపు 314 కనుక M అదేనని రాసేయడానికి చెయ్యి ముందుకు పోతుంది. ఆ గుంపు ఆకారం చూస్తే 314, 316, 318 సుమారు 9, 6, 1. అంటే రెండు క్లోరిన్లు. ఇప్పుడు ఎడమవైపు 197 గుంపుకు రావాలి. 197, 199 సమానం, 201 మూడో వంతు. అంటే 27, 27, 9. అందులో మూడు క్లోరిన్లున్నాయి.

ఇక్కడ లెక్క తప్పుతోంది. రెండు రూపాయలున్న జేబులోంచి మూడు రూపాయలు బయటికి రావు. రెండు క్లోరిన్లున్న 314 నుంచి మూడు క్లోరిన్లున్న 197 పుట్టదు. కాబట్టి 314 M కాదు. దానికి కుడివైపు, కనీసం మూడు క్లోరిన్లున్న అసలు అణువు ఒకటి ఉండాలి. 314 అందులోంచి ఒక క్లోరిన్ ఊడిన ముక్క అయితే, 35 కలిపితే 349. అప్పుడు బొమ్మలో 349 చుట్టుపక్కల నిలువు కొలతను పెద్దది చేసి చూస్తే, నేలకు ఆనుకుని 349, 351 దగ్గర అతి చిన్న గీతలు కనిపించవచ్చు, అవీ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కనిపించకపోవడం కూడా మామూలే. 349 బేసి, అంటే నైట్రోజన్ ఒకటి. 314, 286, 258 మధ్య ఎడం 28, 28. ఇక్కడ పోతున్నది కార్బన్ మోనాక్సైడ్ కాదు, ఇథిలీన్. దాని బరువు కూడా 28. రెండుసార్లు పోయిందంటే ఇథాక్సీ గుంపులు రెండున్నాయని సూచన. 97 దగ్గరి గీత ఫాస్ఫరస్, సల్ఫర్, ఆక్సిజన్ కలిసిన ముక్క, ఈ కుటుంబపు మందుల్లో తరచు కనిపించేది. 197 ముక్క మూడు క్లోరిన్లున్న పిరిడిన్ ఉంగరం. వీటన్నిటినీ ఒక్కచోట చేర్చితే వచ్చేది C9H11Cl3NO3PS, క్లోరోపైరిఫాస్.

మందు డబ్బా మీదో పుస్తకంలోనో దీని అణుభారం 350.6 అని ఉంటుంది. అది సగటు క్లోరిన్ బరువుతో వేసిన లెక్క. ఆ అంకె కోసం బొమ్మలో వెతికితే దొరకదు. బొమ్మ చదివేటప్పుడు ప్రతి మూలకానికీ ఎక్కువగా దొరికే రకం బరువునే, క్లోరిన్‌కు 35నే వేయాలి. విద్యార్థులు తరచు జారేది ఈ మెట్టు మీదే.

M కనిపించకుండా పోవడం ఈ పద్ధతిలో అరుదు కాదు. ఉంగరాలున్న గట్టి అణువులు దెబ్బ తట్టుకుని నిలుస్తాయి, బామ్‌లో 152 అంత ఎత్తున ఉండటానికి కారణం అదే. కొమ్మలు విరబూసిన గొలుసులు, ఆల్కహాళ్లు, క్లోరిన్ తేలిగ్గా ఊడిపోయేవి యంత్రం తూచేలోపే విరిగిపోతాయి. ఆల్కహాల్‌లో నీరు (18) పోయాక మిగిలిన ముక్కను M అనుకోవడం చాలా మందికి జరిగే పొరపాటు.

ఇంకో రకం పొరపాటుకు పదార్థం కారణం కాదు, యంత్రమే. నమూనా గాజు గొట్టంలాంటి సన్నటి కాలమ్ గుండా వేడిలో ప్రయాణించి వస్తుంది. ఆ కాలమ్ లోపలి సిలికోన్ పూత కొద్దికొద్దిగా ఊడి, 207 దగ్గర, 281 దగ్గర గీతలు పెడుతుంది. నమూనా తక్కువగా ఉన్నప్పుడు అవి పెద్దవిగా కనిపించి, 281ను M అనిపించగలవు. ప్లాస్టిక్ సీసా నుంచి, మూత నుంచి వచ్చే థాలేట్లు 149 దగ్గర గీత పెడతాయి. గాలి లోపలికి కారుతుంటే 28, 32 లేస్తాయి. పట్టుకునే దారి ఒకటుంది. పదార్థం బయటికి వచ్చే క్షణానికి కాస్త ముందు, ఏమీ రాని చోట తీసిన బొమ్మను పక్కన పెట్టి చూడాలి. అందులోనూ 207, 281 ఉంటే అవి యంత్రానివి, తీసివేయాలి. చాలా ప్రయోగశాలల్లో గాలి గొడవ లేకుండా లెక్కింపును 35 నుంచో 40 నుంచో మొదలుపెడతారు కూడా. అలాంటి బొమ్మలో 29, 31 దగ్గర గీతలు లేవని చెప్పి ఆ ముక్కలు పుట్టలేదనుకోకూడదు.

కంప్యూటర్‌లో దాచిన లక్షల బొమ్మలతో పోల్చి పేరు చెప్పే సదుపాయం ఇప్పుడు ప్రతి యంత్రానికీ ఉంది. బామ్‌కూ పారబెన్‌కూ తేడా అది ఇట్టే చెబుతుంది, ఎందుకంటే వాటి గీతలు వేరు. కానీ జైలీన్ మూడు రూపాల్లో దొరుకుతుంది. ఉంగరం మీద రెండు మిథైల్ గుంపులు ఏ మూలల్లో ఉన్నా M 106, బేస్ పీక్ 91, మూడు బొమ్మలూ దాదాపు ఒకటే. అక్కడ కంప్యూటర్ చెప్పే పేరు మూడింటిలో ఏదైనా కావచ్చు. కాలమ్‌లోంచి ఏది ఎన్ని నిమిషాలకు వచ్చిందన్నదాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే.

M మీద అనుమానం తీరకపోతే దెబ్బ తగ్గించి మళ్లీ తూస్తారు. 1966లో మన్సన్, ఫీల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపిన పద్ధతిలో, ఎలక్ట్రాన్లు పదార్థాన్ని నేరుగా తాకవు. ముందు మీథేన్ వాయువును తాకుతాయి, అందులోంచి పుట్టిన అయాన్లు పదార్థానికి ఒక హైడ్రోజన్‌ను ధనావేశంతో సహా మెల్లగా అంటిస్తాయి. ద్రవం నుంచి నేరుగా అయాన్లు తీసే ఎలక్ట్రోస్ప్రే యంత్రాల్లోనూ సాధారణంగా హైడ్రోజనే అంటుకుంటుంది. అప్పుడు పొడుగు గీత M దగ్గర ఉండదు, ఒకటి ఎక్కువ దగ్గర ఉంటుంది, సరి-బేసి లెక్క కూడా తలకిందులవుతుంది. అందుకే బొమ్మ మూలన ఏ పద్ధతిలో తీశారో ముందు చదివి, ఆ తర్వాత అంకెలు చూస్తారు. ఎలక్ట్రోస్ప్రేలో క్లోరోపైరిఫాస్ 350, 352, 354 దగ్గర నిలబడుతుంది, మొదటి రెండూ దాదాపు సమానంగా. 350ని పట్టుకుని మళ్లీ విరగ్గొడితే 198, 97 వస్తాయి. 70 ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బకు నేలకంటుకుపోయిన మూడు క్లోరిన్ల అణువు, ఇక్కడ అందరికీ కనిపించేంత ఎత్తున నిలబడుతుంది.